పేరు మరిచిన పౌడరు డబ్బా

ప్రశ్న: మా అమ్మమ్మ 1980ల్లో ఒక టాల్కమ్ పౌడరు వాడేది. గుండ్రని రేకు డబ్బా, దాని మీద పువ్వుల బొమ్మ, మంచి వాసన. పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. హైదరాబాద్‌లో రెండు సూపర్ మార్కెట్లు తిరిగాను, ఇంటర్నెట్‌లో కూడా వెతికాను, దొరకలేదు. పాత కొట్లవాళ్లు ఎవరైనా చెప్పగలరా? ఎలా కనుక్కోవాలి?

సమాధానం:

ఉన్నమాట ముందే చెబుతాను. మీరు రాసిన గుర్తులతో ఎంత పాత కొట్టువాడైనా పేరు చెప్పలేడు. రేకు డబ్బా, పువ్వులు, మంచి వాసన అంటే ఆ రోజుల్లో అలమారలో ఉన్న పౌడర్లలో సగానికి సరిపోతుంది. అలాగని దొరకదని కాదు. డబ్బా రంగునూ బొమ్మనూ కాసేపు పక్కన పెట్టండి. అమ్మమ్మ దాన్ని ఎప్పుడు రాసుకునేది, ఎవరు తెచ్చేవారు, ఇంట్లో నోటితో ఏమని పిలిచేది, ఈ మూడూ కనుక్కోండి. వీటిలో మూడోది దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఈలోగా పాండ్స్ డ్రీమ్‌ఫ్లవర్ చిన్న డబ్బా ఒకటి కొని ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో పెట్టండి. గులాబీ రంగు డబ్బా, ఏ కొట్టులోనైనా ఉంటుంది. పేరు మరిచామంటూ వచ్చినవాళ్లలో చాలామంది వెతుకుతున్నది చివరికి అదే అయింది. అది కాదని తేలితే అప్పుడు అసలు వెతుకులాట మొదలుపెట్టవచ్చు.

నాకు చిక్కడపల్లిలో జనరల్ స్టోర్ ఉంది. 1989లో మా మామగారి చేతి నుంచి నా చేతికి వచ్చింది. పప్పులు, నూనెలు అమ్మడం కన్నా సబ్బులు, పౌడర్లు అమ్మడంలోనే నాకు ఎక్కువ సరదా ఉండేది. అందువల్ల ఇలాంటి బేరాలు నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాటిలో ఒకటి వివరంగా చెబుతాను, ఎలా వెతకాలో అందులోనే ఉంది. ఎలా వెతకకూడదో కూడా ఉంది, ఎందుకంటే మొదటి అరగంట నేనే తప్పు చేశాను.

మూడేళ్ల కిందట మే నెలలో, మధ్యాహ్నం మూడు గంటల వేళ ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్లు ఉంటాయి. అప్పటికే నాలుగు కొట్లు తిరిగి వచ్చాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. తండ్రి పోయాక తల్లిని జనగామ దగ్గరి ఊరి నుంచి రామ్‌నగర్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. వచ్చిన వారం నుంచి తన పౌడరు కావాలని అడుగుతోంది. ఏ పౌడరు తెచ్చినా ఇది కాదంటోంది.

"పసుపు రంగు డబ్బా అంకుల్. గంధం వాసన. చిన్నప్పుడు నాకు బాగా గుర్తు" అన్నాడు.

గంధం అనగానే నా చెయ్యి తనంతట తానే గంధం పౌడర్ల వైపు వెళ్లింది. మైసూర్ శాండల్ తీశాను. గోకుల్ వాళ్లది తీశాను. పాండ్స్‌లో గంధం రకం ఉంటే అదీ తీశాను. ఒక్కొక్కటి మణికట్టు మీద చల్లడం, ఆయన వాసన చూడడం, తల అడ్డంగా ఊపడం. అయిదోది చూసేసరికి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నాడు. నిజమే. వరసగా మూడు వాసనలు చూస్తే ముక్కు మొద్దుబారుతుంది, నాలుగోది అమృతమైనా తెలియదు. ఈ సంగతి తెలిసి కూడా కౌంటరు నిండా డబ్బాలు పరిచేశాను. అన్నీ తిరిగి అలమారలో పెట్టేసి, ఆయనకు మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాను.

అప్పుడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: అమ్మ ఆ పౌడరును అద్దం ముందు రాసుకునేదా, స్నానం అయ్యాక రాసుకునేదా?

ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ అలమారను రెండు ముక్కలుగా చీలుస్తుంది. మన ఇళ్లలో పౌడరు అనే ఒక్క మాటతో మూడు నాలుగు వస్తువులను పిలిచేవారు. అద్దం ముందు ముఖానికి రాసుకునేది తరచుగా ఫేస్ పౌడరు. అట్ట డబ్బాలో ఉంటుంది, మూత తీస్తే లోపల మెత్తటి పఫ్. దానికి ముందు గాజు బుడ్డీలోని స్నో రాసేవారు. స్నో వాసన, పౌడరు వాసన కలిసిపోయి పిల్లల మనసులో ఒకే వాసనగా ఉండిపోతుంది. ఒకావిడ ఇదే కొట్టులో ఆరు నెలలపాటు అఫ్గాన్ స్నో వాసన వచ్చే పౌడరు కోసం వెతికింది. అఫ్గాన్ స్నో ముఖానికి రాసే క్రీము. ఆవిడ వెతుకుతున్న వాసన పౌడరుది కానే కాదు. స్నానం తర్వాత మెడకు, వీపుకు, చంకలకు చల్లుకునేది టాల్కమ్ పౌడరు. వేసవిలో చెమటకాయలకు చల్లేది ఇంకో రకం, నైసిల్, డెర్మికూల్ లాంటివి.

"స్నానం అయ్యాకే. మాకు కూడా వీపు మీద చల్లేది. వేసవిలో చెమటకాయలకు కూడా అదే" అన్నాడాయన.

"చల్లుకోగానే చల్లగా అనిపించేదా?"

ఆలోచించి, లేదన్నాడు. ఇది పనికొచ్చే జవాబు. చల్లదనం టాల్క్‌ది కాదు, అందులో కలిపే మెంథాల్‌ది, కర్పూరానిది. అది చర్మానికి తెలిసిన సంగతి కాబట్టి రంగులా సులువుగా తారుమారు కాదు. చల్లగా ఉండేది కాదు అన్నాడంటే ఇప్పుడు వేసవి రాగానే అలమార ముందుకు వచ్చే చల్లటి పౌడర్లన్నీ పోయాయి. నవరత్న కూల్ లాంటివి చూడనక్కర్లేదు.

రెండో ప్రశ్న: ఎవరు తెచ్చేవారు? హైదరాబాద్‌లో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఇక్కడ పౌడరు ఇంట్లోకి చాలా దారుల్లో వచ్చేది. బేగంబజార్ టోకు వ్యాపారుల నుంచి వీధి చివరి కొట్టుకు వచ్చేది ఒకటి. కంటోన్మెంట్ వైపు సైన్యంలో పనిచేసినవాళ్ల ఇళ్లకు క్యాంటీన్ సరుకు వచ్చేది. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు సూట్‌కేసులో తెచ్చే యార్డ్లీ లాంటి డబ్బాలు మరో దారి. అలా వచ్చిన సరుకును ఇక్కడి కొట్లలో ఎంత వెతికినా అదే డబ్బా, అదే వాసన దొరకకపోవచ్చు. మీ అమ్మమ్మగారి ఇంట్లో దుబాయికో, మస్కట్‌కో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో తప్పకుండా కనుక్కోండి.

"మా మేనమామ తెచ్చేవాడు. రైల్వేలో పని. మద్రాసు నుంచి వచ్చినప్పుడల్లా అమ్మకు రెండు డబ్బాలు" అన్నాడు.

మద్రాసు అనగానే నాకు రెండు మూడు పేర్లు తట్టాయి. కానీ చెప్పలేదు. పేరు మనమే చెబితే ఎదుటివారు అవునంటారు. ఇది నా అనుభవంలో నూటికి నూరుపాళ్లు జరిగేది. వెతికి అలిసిపోయిన మనిషికి ఏ పేరు చెప్పినా తెలిసిన పేరులాగే వినిపిస్తుంది. డబ్బు పెట్టి కొనుక్కుని వెళ్తాడు, సాయంత్రం తిరిగి తెస్తాడు. అందుకే మూడో ప్రశ్న ఎప్పుడూ ఎదుటివారి నోటి నుంచే రాబట్టాలి.

"అమ్మ దాన్ని ఏమని పిలుస్తుంది?"

ఆయన నవ్వాడు. కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "పేరు చెప్పదు అంకుల్. మతిమరుపు వచ్చేసింది. కూర పౌడరు, కూర పౌడరు అంటుంది. మా ఆవిడ మొదట కరివేపాకు పొడి ఇచ్చింది. తర్వాత కందిపొడి. చివరికి కూరల్లో వేసే మసాలా పొడి కూడా గిన్నెలో పోసి చూపించింది. అమ్మ గిన్నె పక్కకు నెట్టేసి రెండు రోజులు మాట్లాడలేదు. వచ్చే వారం డాక్టరుకు చూపిద్దామని అనుకుంటున్నాం."

నాలుగు కొట్లు తిరిగి, నా దగ్గర అరగంట కూర్చుని, ఆయన చెప్పకుండా దాచిన ఒకే ఒక్క సంగతి అది. అర్థం లేని మాట కదా అని వదిలేశాడు. పసుపు డబ్బా గురించి మాత్రం మూడుసార్లు చెప్పాడు!

"ఒక్క కూర అనే అంటుందా? దాని ముందు ఇంకేమైనా ఉంటుందా?" అని అడిగాను. తెలియదన్నాడు. పళ్లు పోయాయి, మాట సరిగ్గా వినపడదట. ఇంటికి ఫోను చేయించి, నేనే అందుకున్నాను.

"అమ్మగారూ, చిక్కడపల్లి కొట్టు నుంచి మాట్లాడుతున్నాను. మీకు ఏ పౌడరు కావాలో ఒక్కసారి చెప్పండి."

"కుట్టికూర నాయనా. మీ కొట్టులో లేదా?"

ఉప్పు ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది ఆవిడ.

క్యూటికురా. అమెరికాలో బోస్టన్ నగరంలో పుట్టిన పేరు అది. మొదట సబ్బు, చర్మానికి రాసుకునే మలాముగా పేరు తెచ్చుకుంది. లాటిన్‌లో క్యూటిస్ అంటే చర్మం, క్యూరా అంటే సంరక్షణ. ఆ సంగతి మన ఇళ్లలో ఎవరికి కావాలి? దక్షిణాదిలో పౌడరుగా ఇల్లిల్లూ చేరింది, చేరినచోటల్లా తన పలుకుబడి మార్చుకుంది. కేరళలో ఇప్పటికీ కుట్టిక్కూర అనే అంటారు. ఈవిడకు ఆ పేరు మద్రాసు నుంచి అన్నగారితో పాటు వచ్చింది. పళ్లు లేని నోట్లో కుట్టి జారిపోయి కూర మిగిలింది. ఇప్పుడు ఆ బ్రాండు చోలయిల్ అనే చెన్నై కంపెనీది, మెడిమిక్స్ సబ్బు చేసేవాళ్లే. అంటే ఆ పౌడరు చచ్చిపోలేదు. మా వీధిలో అడిగేవాళ్లు లేక నేనే తెప్పించడం మానేశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇంటి పేరు ఎప్పుడూ ఇలా కలిసిరాదు. డాల్డా అన్న పేరు వనస్పతి అంతటికీ అయిపోయినట్టు, చాలా ఇళ్లలో ఏ పౌడరునైనా పాండ్స్ అనే అంటారు. "పాన్స్ పౌడరు" అని పెద్దవాళ్లు చెబితే అది పాండ్సే అని రాసిపెట్టుకోకండి. అదే వింతగా, అర్థం లేనట్టుగా ఉన్న మాట వినిపిస్తే దాన్ని అసలు వదలకండి. మామూలు మాటను ఎవరైనా దేనికైనా వాడతారు. వింత మాట ఎక్కడో ఒక డబ్బా మీద నుంచే ఊడిపడి ఉంటుంది. దాన్ని రాసుకునేటప్పుడు సవరించకండి, నోట్లోంచి వచ్చినది వచ్చినట్టే రాయండి. తర్వాత గట్టిగా పైకి చదవండి. మొదటి అక్షరం మింగేసి ఉండవచ్చు, చివర దీర్ఘం తగిలించి ఉండవచ్చు.

సరుకు విషయానికి వద్దాం. నా దగ్గర లేదు కాబట్టి బేగంబజార్‌లో నేను కొనే టోకు వ్యాపారికి ఫోను చేశాను. ఆయన దగ్గరా లేదు, కానీ దారి చెప్పాడు: మందుల దుకాణాల్లో అడగమన్నాడు. చెమటకాయలకు, దురదలకు వాడే అలవాటు ఉన్న పౌడర్లు కిరాణా కొట్లలో మాయమైనా మందుల దుకాణాల్లో మిగులుతాయి. ఈ కిటుకు మీకూ పనికొస్తుంది. సూపర్ మార్కెట్లో వేగంగా అమ్ముడయ్యే నాలుగు రకాలే ఉంటాయి, అక్కడ వెతకడం వృథా. కోఠిలో ఒక మందుల దుకాణంలో రెండు రోజులకు దొరికింది. తయారీ తేదీ చూసి, అదే ఏడాది సరుకని నిర్ధారించుకున్నాకే తీసుకున్నాను. ఏళ్ల తరబడి అలమారలో నిలిచిన డబ్బాలో పొడి బాగానే ఉన్నా వాసన సగం ఎగిరిపోతుంది. అలాంటిది ఇస్తే సరైన పౌడరును కూడా ఆవిడ కాదనేస్తుంది.

అయినా ఆవిడ కాదనే అంది.

మర్నాడు ఉదయం ఆయన ఫోను చేశాడు. డబ్బా మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది కాదంటూ పక్కన పెట్టేసిందట. తిరిగి ఇచ్చేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. "ఇప్పుడు వాసన చూపించకండి. స్నానం చేశాక ఎప్పటిలా చల్లుకోమనండి. సాయంత్రం దాకా ఏమీ అడగకండి" అని చెప్పాను.

పౌడరు గుర్తుపట్టడంలో అందరూ బోల్తాపడే చోటు ఇదే, కాస్త వివరంగా చెబుతాను. డబ్బా మూత తీయగానే వచ్చే వాసన అత్తరులోని తేలిక భాగానిది. అది కాసేపట్లో ఎగిరిపోతుంది. బరువైన భాగం ఒంటి వేడికి, చెమటకు కలిసి, బట్టకు పట్టుకుని గంటల తరబడి ఉంటుంది. మనకు అమ్మ వాసన, అమ్మమ్మ వాసన అని గుర్తుండేది ఈ రెండోది. చీర కుచ్చిళ్లలో ముఖం పెట్టుకున్న పిల్లవాడికి డబ్బా దగ్గరి వాసన ఎలా తెలుస్తుంది? కాబట్టి డబ్బా దగ్గర వాసన చూసి తీర్పు చెప్పకండి. ఉతికిన నూలు గుడ్డ మీద చిటికెడు చల్లి, చేత్తో రుద్ది, మూడు నాలుగు గంటలు వదిలేసి అప్పుడు చూడండి. రోజుకు ఒక్క రకమే. రెండు రకాలను పోల్చాలంటే రెండు గుడ్డలు వేరువేరు గదుల్లో పెట్టండి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పాత చీర వాసనలో పౌడరు ఒక్కటే ఉండదు. పెట్టెలో వేసిన కలరా ఉండలు, గంధపు చెక్క, సబ్బు అన్నీ కలుస్తాయి. ఆయనకు గుర్తున్న గంధం వాసన అలాంటిదే. వాళ్లమ్మ చీరల పెట్టెలో మైసూర్ శాండల్ సబ్బును కాగితంతో సహా పెట్టేదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. నేను అరగంట సేపు గంధం పౌడర్లు చూపించింది ఒక సబ్బు వాసన కోసం!

సాయంత్రం ఏడు దాటాక ఆయనే కొట్టుకు వచ్చాడు. పౌడరు అదేనని ఒప్పుకుందట, కానీ డబ్బా బాగాలేదందట. రేకు డబ్బా అయితే చేతికి చల్లగా తగిలేదట, ఇది ప్లాస్టిక్. మరి పసుపు డబ్బా సంగతి ఏమిటి అని అడిగితే, "అది పౌడరుది ఎప్పుడురా? నీ గోళీలు పోసుకునే డబ్బా కదా" అందట.

అందుకే రంగు పక్కన పెట్టమన్నాను. కొడుకు అబద్ధం చెప్పలేదు. పసుపు డబ్బా ఉంది, గంధం వాసన ఉంది, పౌడరు ఉంది. మూడూ ఒకే గూట్లో ఉండేవి, నలభై ఏళ్లలో కలిసిపోయాయి. అంతే.

ఇప్పుడు మీ సంగతికి. అమ్మమ్మగారు లేకపోతే, ఆవిడ ఆ పౌడరును ఏమని పిలిచేదో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉండవచ్చు. ఆవిడ చెల్లెళ్లు, తోడికోడళ్లు, ఆ రోజుల్లో బజారుకు పంపిన పిల్లలు. పౌడరు తెమ్మని ఎవరిని పంపేవారో వాళ్లకు పేరు తప్పక తెలుస్తుంది, కొట్టులో పైకి చెప్పింది వాళ్లే కదా. వాడినవాళ్ల కన్నా కొనుక్కొచ్చినవాళ్లు మంచి సాక్షులు.

డబ్బా ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే, అటక మీద బొత్తాలో మేకులో పోసి ఉంటే, దాని ముందువైపు కన్నా అడుగునూ వెనకవైపునూ చూడండి. ముందు బొమ్మ అరిగిపోయినా వెనక చిన్న అక్షరాల్లో తయారీదారు చిరునామా తరచుగా మిగులుతుంది. ఊరి పేరు బట్టి కాలం కొంత తెలుస్తుంది. బొంబాయి అధికారికంగా ముంబయి అయింది 1995లో, మద్రాసు చెన్నై అయింది 1996లో, కలకత్తా కోల్‌కతా అయింది 2001లో. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతి డబ్బా, ఎందుకంటే ఆ పద్ధతి మొదలైందే ఆ ఏడు ఆగస్టు 15న. ధర పక్కన స్థానిక పన్నులు అదనం అని ఉంటే పాత కాలపుది, అన్ని పన్నులు కలిపి అని ఉంటే తర్వాతిది. ఊరి పేరు మారిన వెంటనే కంపెనీలు డబ్బాలు మార్చవు, మిగిలిన రేకు అయిపోయేదాకా వాడతాయి. కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోండి.

ఇలా చేసినా ఓడిపోయిన సందర్భం నాకు ఉంది. ఒకాయన తుప్పు పట్టిన డబ్బా తెచ్చాడు. పేరు మొత్తం పోయింది. అడుగున మద్రాసు అన్న మాట, పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలు 600 మాత్రం మిగిలాయి. అంటే 1972కూ 1996కూ మధ్య, మద్రాసు నగరంలోని ఒక తయారీదారుది. అంతకుమించి ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు. ఆ రోజుల్లో చిన్న చిన్న కంపెనీలు ఎన్నో ఉండేవి. టాల్క్ కొని, అత్తరు కలిపి, డబ్బాల్లో నింపి ఒకటి రెండు జిల్లాల్లో అమ్మేవి. అవి మూతపడితే పేరు చెప్పేవాడు కూడా మిగలడు. డబ్బా ఆయనకే తిరిగి ఇచ్చేశాను, డబ్బు తీసుకోలేదు.

పేరు సగం గుర్తుంటే మరో దారి ఉంది. మా అమ్మాయి చూపించేదాకా నాకూ తెలియదు. భారత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. సబ్బులు, పౌడర్లు, అత్తర్లు మూడో తరగతి కిందకు వస్తాయి. తరగతి దగ్గర 3 అని ఇచ్చి, అక్షరాలను బట్టి కాకుండా ఉచ్చారణను బట్టి వెతికే పద్ధతి ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో మీకు వినిపించినట్టు టైపు చేస్తే దగ్గరి శబ్దం ఉన్న పేర్లు వస్తాయి. వచ్చినవాటిలో దక్షిణాది చిరునామా ఉన్నవి, పాత తేదీ ఉన్నవి ముందు చూడండి. రిజిస్టర్ చేయని చిన్న పేర్లు ఇందులో దొరకవు.

పేరు దొరికాక ఆశ పడాల్సిన మేరకే పడండి. అదే పేరుతో ఇప్పుడు అమ్ముతున్నది అదే పొడి కాకపోవచ్చు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ జాన్సన్స్ బేబీ పౌడరు. 2023 నుంచి ప్రపంచమంతటా టాల్క్ మానేసి మొక్కజొన్న పిండితోనే చేస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. వేళ్ల మధ్య రుద్దితే తేడా తెలిసిపోతుంది. టాల్క్ ఖనిజాలన్నింటిలోకీ మెత్తనిది, సబ్బు రాసినట్టు జారుతుంది. మొక్కజొన్న పిండి అంతగా జారదు, గట్టిగా నొక్కితే కిర్రుమన్నట్టు పట్టుకుంటుంది, తడి తగిలితే ఉండకడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు "వాసన అదే కానీ చేతికి తేడాగా ఉంది" అంటే వాళ్ల మాట నమ్మండి. పేరు తప్పు కాదు, లోపలి పొడి మారింది. అత్తరు కూడా కంపెనీ చేతులు మారినప్పుడల్లా కొద్దికొద్దిగా మారుతుంది.

పాత డబ్బాలో నిజంగానే కొంచెం పౌడరు మిగిలి ఉంటే గుడ్డ మీద చల్లి వాసన చూడడానికి తప్ప ఒంటికి వాడకండి. రేకు తుప్పు అందులో కలిసి ఉంటుంది. చంటిపిల్లల దగ్గర అసలు దులపకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

మీరు తిరిగి రాసేటప్పుడు ఇవి రాయండి: అమ్మమ్మగారిది ఏ ఊరు, పౌడరు ఎక్కడి నుంచి వచ్చేది, చల్లుకుంటే చల్లగా ఉండేదా, ఇంట్లో దాన్ని ఎవరైనా వింతగా ఏ పేరుతోనైనా పిలిచేవారా. ఆ పేరు ఎంత నవ్వు వచ్చేదైనా సరే, సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. పువ్వుల బొమ్మ గురించి మాత్రం ఇక అక్కర్లేదు.